నీ 71 శాతం, నా కాకిలెక్కలు

ఒరేయ్ శీనూ,

రాత్రి పదకొండున్నరకి మీ కాలేజీ అటెండెన్స్ పోర్టల్‌వి రెండు స్క్రీన్‌షాట్లు పడేసి, కింద "మామా, నేను డిటైన్ అవుతానా?" అని ఒక్క ముక్క రాసి పడుకున్నావు. నువ్వు హాయిగా నిద్రపోయావు, నేను మాత్రం ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి కూర్చున్నాను. ముందు జవాబు చెప్పేస్తాను, టెన్షన్ పడకు: డిటైన్ అవ్వవు. కానీ ఇక ఎగ్గొట్టడానికి నీ చేతిలో 9 పీరియడ్లే ఉన్నాయి. అదెలాగో చెబుతాను, ఓపిగ్గా చదువు.

మొదటిసారి వేసిన లెక్కలో 75 శాతం హాజరు అందుకోవడానికి నీకు ఇంకా 63 క్లాసులు కావాలని వచ్చింది. గుండె గుభేలుమంది. తీరా చూస్తే తప్పు నీదే రా. మొదటి స్క్రీన్‌షాట్ బెఫా సబ్జెక్టు దగ్గర ఆగింది, రెండోది మళ్లీ బెఫాతోనే మొదలైంది. స్క్రోల్ చేసినప్పుడు ఆ వరుస రెండింట్లోనూ పడింది, నేను రెండుసార్లు కూడేశాను. పట్టిచ్చింది అడుగున ఉన్న టోటల్ వరుస. నా కూడికలో జరిగిన క్లాసులు 321 వచ్చాయి, పోర్టల్ 285 అంటోంది. తేడా 36. బెఫా క్లాసులు జరిగింది సరిగ్గా 36. అందుకే ఇకమీదట స్క్రీన్‌షాట్ తీస్తే ఆ టోటల్ వరుస, పైన ఉండే తేదీ రెండూ కనపడేలా తియ్. ఈసారి రెండూ ఒకే రోజువి కాబట్టి సరిపోయింది. ఒకటి మంగళవారంది, ఇంకొకటి శుక్రవారంది అయి ఉంటే ఎంత కూడినా లెక్క కుదరదు.

నీ వరుసలు చూద్దాం. డీబీఎంఎస్‌లో 46కి 33, ఓఎస్‌లో 44కి 30, జావాలో 48కి 31, డిస్క్రీట్ మ్యాథ్స్‌లో 42కి 27, బెఫాలో 36కి 22. ల్యాబులు మాత్రం బంగారం: రెండింట్లో ఒక్కోదాంట్లో 24కి 21, ఓఎస్ ల్యాబులో 21కి 18. ల్యాబ్ అంకెలన్నీ మూడుతో భాగిస్తే పోతున్నాయి చూడు, అంటే మీ కాలేజీలో ఒక ల్యాబుకి మూడు పీరియడ్లు వేస్తున్నారు. అన్నీ కలిపితే 285కి 203. 203ని 285తో భాగిస్తే 71.2 శాతం.

నువ్వేమో "యావరేజ్ 74 దాకా ఉంది కదా" అన్నావు. పక్కనున్న ఎనిమిది శాతాలూ కూడి ఎనిమిదితో భాగించావు, 73.8 వచ్చింది, అంతేనా? అలా చేయకూడదు రా. 21 క్లాసుల ల్యాబుకి, 48 క్లాసుల జావాకి ఒకే బరువు ఇచ్చేసినట్టు అవుతుంది. నీ ల్యాబ్ శాతాలు 85 పైనే ఉన్నాయి కాబట్టి మొత్తాన్ని ఊరికే పైకి లాగాయి. సెకండియర్‌లో నేనూ ఇదే చేసి 75 దాటానని ధీమాగా సినిమాకి పోయాను. తర్వాత నోటీసు బోర్డు మీద, హాజరు తక్కువైనవాళ్ల కండోనేషన్ లిస్టులో నా నంబరు కనపడింది. నాన్నని వెంటబెట్టుకుని హెచ్‌ఓడీ గది బయట గంటన్నర నిలబడ్డాను. నాన్న ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

ఇక ఎన్ని క్లాసులు కావాలన్నది. దీనికి ఈక్వేషన్లు అక్కర్లేదు. 75 శాతం అంటే నాలుగింట మూడు. అంటే ఎగ్గొట్టిన ప్రతి క్లాసుకీ మూడు క్లాసులు కూర్చుని ఉండాలి. నువ్వు ఎగ్గొట్టినవి 285లోంచి 203 తీసేస్తే 82. వాటికి మూడు రెట్లు 246. కూర్చున్నవి 203. ఇంకా కావలసినవి 43. సరిచూసుకో: 43 వరసగా వెళ్తే 328కి 246, దశాంశం కూడా అటూ ఇటూ కాకుండా సరిగ్గా 75. మధ్యలో ఒక్కటి ఎగ్గొట్టావా, ఆ 43 కాస్తా 46 అవుతుంది.

మీకు వారానికి 28 పీరియడ్లు. అంటే వారంన్నర పైచిలుకు గైర్హాజరు లేకుండా వెళ్తే 75 తాకుతావు. కానీ అక్కడితో అయిపోదు, అసలు చూడాల్సింది క్లాసులు ముగిసే రోజున ఎంత ఉంటుందని. ఇంకా మూడు వారాలు అన్నావు, మధ్యలో ఒక రోజు సెలవు. 84లోంచి నాలుగు పోతే 80. అప్పటికి మొత్తం 365 అవుతాయి, అందులో నాలుగింట మూడు 273.75. ముప్పాతిక క్లాసు ఉండదు కదా, 274 అనుకో. 203 పోతే 71. అంటే 80లో 71కి వెళ్లాలి, 9 వదులుకోవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 273 దగ్గర ఆగితే 74.8 అవుతుంది. దశాంశాలు చూపించని పోర్టల్ దాన్ని 75 అని చూపిస్తుంది, నువ్వు సంబరపడతావు, లిస్టు తయారు చేసేవాళ్లు మాత్రం దశాంశం చూస్తారు. ఆ ఒక్క క్లాసు దగ్గర కక్కుర్తి పడకు.

ఇదంతా మీది జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీ అనుకుని చెబుతున్నాను. అక్కడ అన్ని సబ్జెక్టులూ కలిపి 75 ఉంటే చాలు. 65 నుంచి 75 లోపు ఉంటే సరైన కారణం, మెడికల్ సర్టిఫికెట్ చూపించి, ఫీజు కట్టి కండోనేషన్ అడగాలి. 65 కంటే తగ్గితే ఇక ఎవరి కాళ్లు పట్టుకున్నా లాభం లేదు. కానీ మీది అటానమస్ అయిందని ఆ మధ్య ఎప్పుడో అన్నావు. అలాంటి కాలేజీలు కొన్నిచోట్ల సొంత రూల్స్ పెట్టుకుని సబ్జెక్టువారీగా చూస్తాయి. అలా అయితే నీ కొంప ముంచేది బెఫానే. 14 ఎగ్గొట్టావు, మూడు రెట్లు 42, కూర్చున్నవి 22, అంటే ఇంకా 20 కావాలి. వారానికి మూడు చొప్పున మూడు వారాల్లో జరిగేవే 9! అన్నింటికీ వెళ్లినా 45కి 31, 69 దాటదు. అందుకే రేపు మొదట చేయాల్సిన పని, రెగ్యులేషన్ పుస్తకంలో అటెండెన్స్ పేజీ చూడటం. క్లాస్‌మేట్‌ని అడక్కు, వాడికీ తెలియదు.

ఇంకొకటి. జ్వరమొచ్చిన వారం ఖాతాలో పోయింది 28 పీరియడ్లే, ఆస్పత్రి చీటీ జాగ్రత్తగా దాచు. మిగతా 54 ఏంట్రా? ఆ వారం తప్ప ఒక్క ల్యాబూ మానలేదు, అన్నీ థియరీలే. నిజం చెప్పు, మధ్యాహ్నం బిర్యానీ తిని మళ్లీ లోపలికి వెళ్లలేదు కదూ?

పోర్టల్‌లో ఏ సబ్జెక్టైనా పది రోజుల నుంచి అంకె కదలకపోతే, సార్ ఇంకా ఎక్కించలేదని అర్థం. క్లాసుకి వెళ్లినా ఆబ్సెంట్ పడితే ఆ వారంలోనే వెళ్లి రిజిస్టర్ చూపించమను, నెల దాటితే ఎవరికీ గుర్తుండదు.

శనివారం రాత్రి కొత్త స్క్రీన్‌షాట్ పంపు. వచ్చే వారం అక్క వచ్చినప్పుడు స్టేషన్‌కి నువ్వే వెళ్లాలన్నావు కదా, ఆ రోజు ఉన్నవి నాలుగు పీరియడ్లు. తొమ్మిదిలో అవి పోతే ఐదు.

నీ
రాజు