మిన్ని మూడో పిల్ల

సిరీ,

నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి సగమే జవాబు చెప్పాను. ఈలోగా గేదెకు కడుపుబ్బరం అంటూ ఎవరో వచ్చేశారు. "రెండో పిల్ల ఇంజెక్షన్‌కే వచ్చింది కదా, మూడోదానికి పొట్ట ఎందుకు కోశావమ్మా?" అన్నావు. మిన్నిని తెచ్చినాయన కూడా ఆ రాత్రి అదే అడిగాడు. ఇంటర్న్‌షిప్‌లో నీకూ ఇలాంటి కేసు రాకపోదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మిన్ని మూడు కిలోల పొమేరియన్. మొదటి కాన్పు. 57వ రోజున తీసిన ఎక్స్‌రేలో మూడు తలలు, మూడు వెన్నెముకలు కనిపించాయి. ఈనే రోజు పొద్దున్న జ్వరం చూసే కర్రతో చూస్తే 98.2 ఉందని ఫోన్ చేశారు. రోజూ 101 ఉండే కుక్కకు వేడి 99 కిందికి దిగిందంటే, మామూలుగా ఒక రోజులో ఈనుతుంది. అలాగే రాత్రి తొమ్మిదింబావుకి మొదటి పిల్లను వేసింది. ఆ తర్వాత రెండున్నర గంటలు ఏమీ లేదు. అప్పుడప్పుడు బలం లేకుండా ముక్కి, తల నేలకు ఆనించి పడుకుంటోంది. పన్నెండుకి పది నిమిషాలుండగా నా దగ్గరికి తెచ్చారు.

గ్లవ్ వేసుకుని జెల్లీ రాసుకుని చిటికెన వేలు పెట్టి చూశాను. దారిలో పిల్ల లేదు. పైగోడ నిమిరితే మామూలుగా కుక్క వెంటనే ముక్కుతుంది. ఇది కొద్దిగా కదిలి ఊరుకుంది. అంటే దారి మూసుకుపోలేదు, గర్భసంచికే బలం చాలడం లేదని అనుకున్నాను. కానీ వేలికి గర్భద్వారం అందదు, కాబట్టి ఆ ఒక్క పరీక్షనే నమ్ముకోకూడదు. ఎక్స్‌రే తీస్తే మిగిలిన రెండు పిల్లల తలలూ కటి వెడల్పుకు సరిపోయేలాగే ఉన్నాయి. స్కానింగ్‌లో ఒకదాని గుండె నిమిషానికి 210, రెండోదానిది 195. రక్తంలో షుగర్ 58. పొద్దుట్నుంచి తిండి లేదు మరి.

ఇలాంటి కుక్కకు మందుతో ప్రయత్నించవచ్చు. దారి ఖాళీగా ఉండాలి, పిల్ల సైజు సరిపోవాలి, గుండెలు బాగా కొట్టుకోవాలి. ఈ మూడూ కుదిరాకే నేను ఆంపుల్ విరుస్తాను. ముందు డెక్స్‌ట్రోజ్ పలచన చేసి సిరలోకి మెల్లగా ఎక్కించాను. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 0.6 మిల్లీలీటరు తీసుకుని సెలైన్‌లో కలిపి చర్మం కింద ఇచ్చాను. కాల్షియం నొప్పికి బలాన్నిస్తుంది, ఆక్సిటోసిన్ నొప్పులు మళ్లీ మళ్లీ వచ్చేలా చేస్తుంది. బలంలేని సంచిని ఊరికే తొందరపెడితే అలిసిపోవడమే తప్ప పని జరగదు. అందుకే కాల్షియం ముందు, ఆక్సిటోసిన్ తర్వాత.

ఆక్సిటోసిన్ అర యూనిట్ ఇచ్చాను. మిల్లీకి 5 యూనిట్లుండే ఆంపుల్ కాబట్టి 0.1 మిల్లీ. ఇన్సులిన్ సిరంజితో తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త. దానిమీది గీతలు ఇన్సులిన్ యూనిట్లవి. 40 గీతల సిరంజిలో 0.1 మిల్లీ అంటే నాలుగు గీతలు. నిద్రకళ్లతో ఒక జూనియర్ ఐదు గీతలంటే ఐదు యూనిట్లే కదా అనుకోవడం నేను చూశాను. ఇటువైపు ఈ మందును గేదెలకు పాలు చేపడానికి దొంగచాటుగా పొడుస్తారు కాబట్టి, ఇదో బెల్లంనీళ్లలాంటిదని జనానికి లోకువ. మిన్ని వాళ్ల బావమరిది అయితే, ఇంట్లోనే ఒకటి పొడిచేద్దామన్నాడట!

పన్నెండున్నరకి ఇచ్చాను. పన్నెండు యాభై ఐదుకి రెండో పిల్ల వచ్చింది, చక్కగా ఏడ్చింది. అందరం టీ తాగాం.

మూడోది రాలేదు. అరగంట చూసి, ఒంటిగంట ఇరవై ఐదుకి మరో అర యూనిట్ ఇచ్చాను. మిన్ని ఈసారి గట్టిగానే ముక్కింది, వేలికి మాత్రం ఏమీ తగల్లేదు. నా మనసు మారింది అక్కడే. నొప్పులే రాకపోతే బలం చాలలేదని ఇంకాసేపు ఆగవచ్చు. నొప్పులు వస్తున్నా పిల్ల జరగడం లేదంటే ఎక్కడో అడ్డం పడిందని అర్థం. పావుతక్కువ రెండుకి స్కానింగ్ పెడితే గుండె 168. నొప్పి వచ్చిన క్షణంలో పిల్ల గుండె కాసేపు నెమ్మదించడం మామూలే, అందుకని నొప్పి తగ్గాక రెండు నిమిషాలకు మళ్లీ లెక్కపెట్టాను. 164. ఇంకో ఎనిమిది నిమిషాలకు 152. 180 కిందికి దిగి పైకి లేవకపోతే పిల్లకు ఊపిరి అందడం లేదని లెక్క. 150 దగ్గరికి వచ్చిందంటే ఇక ఆలోచించే టైమ్ లేదు.

"ఇంకొక్క ఇంజెక్షన్ ఇచ్చి చూడండి డాక్టరమ్మా, అంతదాన్ని కోయడమెందుకు" అన్నాడాయన. ఆ మాటకు లొంగిపోయిన రోజు ఒకటుంది నాకు, నీకెప్పుడూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. అదీ పొమేరియనే, కడుపులో ఒకే పెద్ద పిల్ల. స్కానింగ్ లేదు, ఎక్స్‌రే తీయించే ఓపిక నాకు లేదు. పిల్ల రాకుండానే ముదురాకుపచ్చ నీరు కారుతోంది. అంటే మాయ అప్పటికే ఊడుతోందన్నమాట. అయినా ఐదు యూనిట్లు ఇచ్చాను, రాలేదని మళ్లీ ఐదిచ్చాను. ముక్కడం ఆగిపోతే నొప్పులు తగ్గాయనుకున్నాను. చిగుళ్లు తెల్లబడ్డాక గానీ తెలియలేదు, గర్భసంచి చిరిగిందని. తల్లీ పోయింది, పిల్లా పోయింది. దారి మూసుకున్నప్పుడు ఆక్సిటోసిన్ పోసేకొద్దీ సంచి పిల్లను బిగించి పట్టేస్తుంది, మాయకు రక్తం అందదు.

అందుకే మిన్ని వాళ్లతో ఒకటే మాటన్నాను: "నేను రెండుసార్లు ఇచ్చేశాను, మూడోది ఇవ్వను." ఆయన సంతకం పెట్టాడు.

అప్పటికే ముక్కు దగ్గర ఆక్సిజన్ పెట్టించాను. మత్తు ఇవ్వకముందే పొట్టమీద బొచ్చు తీసి శుభ్రం చేయించాను. మత్తులో గడిచే ప్రతి నిమిషమూ పిల్లకూ మత్తే. ప్రొపొఫాల్‌తో పడుకోబెట్టి, గొట్టం వేసి, ఐసోఫ్లురేన్ మీద ఉంచాను. చాలాచోట్ల అలవాటుగా జైలజీన్ పొడుస్తారు, సిజేరియన్‌కు అది నాకు పనికిరాదు. తల్లి తట్టుకున్నా పిల్లలు లేవవు.

లోపల చూస్తే పిల్ల మెడ పక్కకు మడుచుకుని, గర్భసంచి కొమ్ము దాని మొదలుతో కలిసే మలుపు దగ్గర ఇరుక్కుని ఉంది. ఎక్స్‌రేలో సరిగ్గానే కనిపించిన పిల్ల, తర్వాత ఎప్పుడో అలా తిరిగింది. ఎన్ని యూనిట్లిచ్చినా అది వచ్చేది కాదు. సంచి మొదట్లో ఒకే గాటు పెట్టి, మెల్లగా నొక్కుతూ తెచ్చి బయటికి తీశాను. రెండూ ఇరవై. మెత్తగా వేలాడుతోంది, గుండె మాత్రం నా రెండు వేళ్ల మధ్య కొట్టుకుంటోంది. మన కాంపౌండర్ పిల్లను పట్టుకుని ఊపబోయాడు. తలకాయలో రక్తం చిమ్మగలదని ఆపాను. రబ్బరు బల్బుతో నోట్లో, ముక్కులో నీరు లాగి, వెచ్చని తువ్వాలుతో వీపు రుద్దమన్నాను. నేను కుట్లు వేస్తున్నాను, వెనక తువ్వాలు శబ్దం తప్ప ఏమీ లేదు. ఆరు నిమిషాలకు పిల్లికూనలా ఒక్క కూత పెట్టింది.

తెల్లారగట్ల మిన్ని లేచి మూడో పిల్లను దగ్గరికి రానివ్వలేదు. పొట్టమీద మందు వాసన పోయేలా చన్నులు గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, ఆ పిల్లను మిగతా రెండింటికీ రుద్ది మధ్యలో పెట్టాం. కాసేపు చూసి నాకింది.

పదో రోజు కుట్లు విప్పడానికి తెస్తారు. పండక్కి నువ్వు వచ్చేసరికి ఇంకా ఇక్కడే ఉంటాయి, మూడోదాన్ని చూపిస్తాను. ఎడమ చెవి మీద తెల్ల చుక్క ఉంటుంది.

అమ్మ