నాన్నగారి వార్ఫరిన్ మోతాదు కుదిరింది, అందరికీ కృతజ్ఞతలు

న్యూజెర్సీలో నాన్నగారికి గుండెలోని మైట్రల్ వాల్వు మార్చి లోహపు వాల్వు పెట్టారని చాలామందికి తెలుసు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ ఇస్తున్నా, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ అంకె ఎంతకీ పెరగక మేం పడ్డ ఆందోళనా తెలుసు. ఇప్పుడు వరుసగా 2.5కీ 3.5కీ మధ్యనే ఉంటోంది. ఫోన్లు చేసినవాళ్లకి, రాత్రిపూట కారేసుకుని వచ్చినవాళ్లకి, పొట్టకి ఇంజెక్షన్ ఎలా చేయాలో ఓపిగ్గా నేర్పిన నర్సుకి పేరుపేరునా నమస్కారాలు. అయితే ఈ పోస్టు ముఖ్యంగా యాంటీకోయాగ్యులేషన్ క్లినిక్‌లోని ఫార్మసిస్ట్ మేడమ్‌కీ, హైదరాబాద్‌లో ఉన్న మా బాబాయికీ.

మొదట చూసినచోట నాన్నగారి ఫారంలో 'ఏషియన్' అని ఉంది కదా అని రోజుకి 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. వాళ్లు సొంతంగా కల్పించిందేం కాదు. ఏషియన్లకి తక్కువ మోతాదు చాలవచ్చని అమెరికాలో మందుతోపాటు వచ్చే కాగితంలోనే ఉంటుంది. వారమైనా ఐఎన్‌ఆర్ 1.3 దాటలేదు. లోహపు వాల్వు మీద రక్తం గడ్డకడితే పక్షవాతం రావచ్చు, అందుకే రక్తం గడ్డకట్టకుండా పొట్టకి చేసే ఆ ఇంజెక్షన్లు ఆపడానికి వీల్లేకపోయింది.

మేడమ్ ఫారం పక్కనపెట్టి జన్యు పరీక్షకి రాశారు. మాకు అర్థమయ్యేలా ఆవిడ చెప్పింది ఇదీ. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రొటీన్లని కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. వాడేసిన విటమిన్ కెని, గిన్నె కడిగి మళ్లీ పొయ్యిమీద పెట్టినట్టు, తిరిగి పనికొచ్చేలా చేసే ఎంజైమ్ ఒకటుంది. వార్ఫరిన్ అడ్డుకునేది దాన్నే. ఆ ఎంజైమ్‌ని చేసే వీకేఓఆర్‌సీ1 జన్యువులో ఒకచోట జీ అక్షరం బదులు ఏ ఉంటే ఎంజైమే తక్కువ తయారవుతుంది, కాబట్టి కొంచెం మందుకే లొంగుతుంది. చైనా, జపాన్‌లలో ఎక్కువమందికి ఉన్నది ఈ ఏ రకమే. మన దేశంలో అది తక్కువమందిలోనే ఉంది. ఈ ఒక్క అక్షరం లెక్కలో అయితే మనకంటే యూరప్ వాళ్లే చైనావాళ్లకి దగ్గర! అయినా ఫారంలో చైనావాళ్లూ మనమూ ఒకే గడిలో ఉంటాం.

రెండో జన్యువు సీవైపీ2సీ9. మందుని విరిచి బయటికి పంపే ఎంజైమ్‌ని తయారుచేసేది ఇదే. ఇందులో స్టార్ 3 అనే రకం ఉంటే మందు నెమ్మదిగా కరుగుతుంది, ఒంట్లో పేరుకుపోతుంది.

నాన్నగారి రిపోర్టులో మొదటిదాంట్లో జీజీ, అంటే రెండు ప్రతుల్లోనూ జీనే, రెండోదాంట్లో రెండు ప్రతులూ మామూలువే. అలాంటివాళ్లకి సాధారణంగా 5 నుంచి 7 మిల్లీగ్రాములు పడుతుంది. మెల్లగా పెంచుకుంటూ వెళ్తే 6 దగ్గర కుదిరింది.

ఇక మా బాబాయి. నాన్నగారికి సొంత తమ్ముడు, ఒకే అమ్మానాన్నల బిడ్డలు, ఒకే ఊళ్లో పెరిగారు. ఆయనకీ గుండె జబ్బుకి వార్ఫరిన్ రాశారు. అందరికీ ఇచ్చినట్టే 5 ఇస్తే పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్లనుంచి రక్తం ఆగలేదు, ఐఎన్‌ఆర్ 6 దాటింది. నాన్నగారి సంగతి విన్నాక తనూ పరీక్ష చేయించుకుని ఫలితం మాకు పంపించారు: ఏజీ, దానితోపాటు ఒక స్టార్ 3. ఇప్పుడాయన మోతాదు 3, అంటే అన్నగారిదాంట్లో సగం. 'ఏషియన్' సరే, 'భారతీయులు', 'తెలుగువాళ్లు', ఆఖరికి 'మా ఇంటిపేరువాళ్లు' అని రాసుకున్నా ఈ ఇద్దరినీ ఒకే మోతాదులో పెట్టలేం. స్టార్ 3 ఉన్నవాళ్లలో ఐఎన్‌ఆర్ నిలకడకి రావడానికి ఎక్కువ రోజులు పడుతుందనీ, తొందరపడి మోతాదు మార్చకూడదనీ కూడా మేడమ్ చెప్తే బాబాయికి చేరవేశాం. ఆయన డాక్టరుగారూ అదే మాటన్నారట.

పరీక్షని మరీ నమ్మేసుకోవద్దని కూడా ఆవిడే హెచ్చరించారు. జన్యువులు కొంతే చెప్తాయి. వయసు, బరువు, మిగతా మందులు, వారంవారం మారిపోయే ఆకుకూరలు అన్నీ కలుస్తాయి, అందుకే ఐఎన్‌ఆర్ చూపించుకోవడం మానకూడదు. అన్ని ల్యాబులూ అన్ని రకాలనీ వెతకవు. 2013లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో సీవైపీ2సీ9 రకాల్లో స్టార్ 2, స్టార్ 3 మాత్రమే చూసి మోతాదు లెక్కకట్టారు. నల్లజాతివారికి ఆ లెక్క, జన్యువులు చూడకుండా కట్టే లెక్కకంటే అధ్వాన్నంగా పనిచేసింది. ఆఫ్రికా మూలాలున్నవారిలో కనిపించే స్టార్ 5, 6, 8, 11 లాంటి రకాలని వెతకకపోవడం దానికి ఒక ముఖ్య కారణమంటారు. పూర్వీకులెవరన్నది ఏ రకాలని వెతకాలో చెప్పడానికి పనికొస్తుంది, ఎన్ని మిల్లీగ్రాములో చెప్పడానికి కాదు.

మేడమ్‌కి తెలుగు రాదు కాబట్టి ఇందులో సగం ఆవిడకి నేనే చదివి వినిపించాలి. బాబాయ్, నీ రిపోర్టు ఫోటో నాన్నగారు తన ఫైల్లో ముందు పేజీలో పెట్టుకున్నారు. తమ్ముడి మోతాదు తనకంటే తక్కువని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంటున్నారు కూడా.