ఓనర్ సంతకం ఆగితే మా బిల్లు ఎందుకు ఆగాలి?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ పేపర్లో సగంలో ఆగిన బిల్డింగుల గురించి రాశారు కదా, ఓనర్లు అప్రూవల్ ఇవ్వక కాంట్రాక్టర్లు నలిగిపోతున్నారని. అది చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవట్లేదు. మెయిన్ కాంట్రాక్టర్ బాధ రాశారు, సరే, ఆయన కింద పని చేసే మా సంగతి ఒక్క లైన్ కూడా లేదు. నేను ప్లాస్టరింగ్ సబ్ కాంట్రాక్టర్ని. మొన్ననే మా మెయిన్ కాంట్రాక్టర్‌కి ఒక లెటర్ రాశాను, అందులో ఉన్నదే మీకూ చెప్తున్నా.

మా అగ్రిమెంట్‌లో ఒక్కో అంతస్తు ఒక్కో స్టేజి, కొలతలు అయిన 30 రోజుల్లో మా బిల్లు డబ్బు ఇవ్వాలి. మూడో అంతస్తు 1,800 చదరపు మీటర్లు పూర్తి చేశాం, 7 రోజులు నీళ్ళు కొట్టి క్యూరింగ్ కూడా చేశాం, ఆయన సైట్ ఇంజినీరూ నేనూ కలిసి టేపు పట్టి కొలిచి మెజర్‌మెంట్ బుక్‌లో రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఇవాళ్టికి 75 రోజులు. ఎప్పుడు అడిగినా ఒకటే మాట, ఓనర్ అప్రూవల్ రాలేదు, పైనుంచి వస్తే నీకిస్తా.

అసలు ఆ అప్రూవల్ దేని మీద ఆగిందో కనుక్కుందామని ఓనర్ కన్సల్టెంట్ ఆఫీసుకి నేనే వెళ్ళాను. గొడవ లాబీలో వేసిన రాయి రంగు గురించట! ప్లాస్టరింగ్ మీద ఒక్క అభ్యంతరం లేదు. కానీ మెయిన్ కాంట్రాక్టర్ రాయి, కరెంటు, ప్లాస్టరింగ్ అన్నీ కలిపి ఒకే రన్నింగ్ బిల్లుగా పెట్టాడు కాబట్టి ఓనర్ మొత్తం బిల్లు పక్కన పెట్టేశాడు. ఇంకో సంగతి, ఆ బిల్లు వాళ్ళ దగ్గరికి చేరిందే మా కొలతలైన 41వ రోజున. అంటే మా గడువు 30 రోజులు దాటిపోయాక కూడా బిల్లు ఈయన టేబుల్ మీదే ఉంది, అప్పటిదాకా ఓనర్‌కి ఆ కాగితమే చేరలేదు. ఈ లోపు మా గోడల మీద పుట్టీ పెట్టి రంగు కూడా మొదలుపెట్టారు. పని బాగోలేదనుకుంటే దాని మీద ఇంకో పని ఎలా చేయిస్తారు, చేయించారంటే ఒప్పుకున్నట్టే కదా.

అగ్రిమెంట్‌లో ఓనర్ డబ్బు ఇచ్చాక అని ఒక లైన్ ఉంది నిజమే, దాన్నే పట్టుకుని కూర్చున్నారు. ఇచ్చాక అంటే ఎప్పుడు ఇస్తారో చెప్పే మాట, ఇస్తేనే అంటే వేరే, ఆ రెండిటికీ చాలా తేడా ఉంది. ఓనర్ ఎప్పటికీ ఇవ్వకపోతే నా పని ఉచితం అని నేనెక్కడా సంతకం పెట్టలేదు. బ్రిటన్‌లో 1996లోనే చట్టం చేశారు, పైనుంచి వస్తేనే కిందికిస్తా అనే షరతు బిల్డింగ్ కాంట్రాక్టుల్లో చెల్లదు, పైవాడు దివాలా తీస్తే తప్ప. సింగపూర్‌లో 2004లో చేశారు. అక్కడ కూడా ఓనర్లు ఆలస్యం చేసేవాళ్ళే, కానీ ఆ భారం కిందివాడి నెత్తిన పడకూడదని గట్టిగా రాసుకున్నారు.

నా బిల్లులో ప్రతి 100కి 70 దాకా మేస్త్రీలకీ కూలీలకీ పోతుంది, అది వారం వారం ఇవ్వాల్సిందే, వాళ్ళకి లాబీ రాయి కథ చెప్తే వింటారా? అప్పు చేసి ఇచ్చాను, ఇద్దరు మంచి మేస్త్రీలు వేరే సైట్‌కి వెళ్ళిపోయారు. ఒకప్పుడు మెజర్‌మెంట్ బుక్‌లో ఇంజినీర్ సంతకం పడిందంటే డబ్బు వచ్చినట్టే, ఇప్పుడు సంతకం పెట్టినాయనే నాకేం తెలీదు ఆఫీసులో అడుగు అంటున్నాడు. చదువుకున్న మనిషి తన సంతకానికి తను నిలబడకపోతే ఇంకెవరు నిలబడతారు.

పని ఆపేయమని చాలామంది చెప్పారు. చెప్పకుండా ఆపితే తప్పు మా మీదకే వస్తుంది, వేరే గ్యాంగుని పెట్టి ఆ ఖర్చు మా బిల్లులోంచే కోస్తారు. అందుకే రాతపూర్వకంగా 14 రోజుల నోటీసు ఇచ్చాను. బిల్లు ఓనర్‌కి ఏ తేదీన పంపారో చూపించండి, ఓనర్ రాసిన అభ్యంతరాల కాపీ ఇవ్వండి, గొడవ లేని ప్లాస్టరింగ్ వరకు విడదీసి మళ్ళీ పంపండి, ఈ లోపు మా బిల్లు మీరు కట్టండి, పనిలో లోపం వస్తే అని ఆపి ఉంచే రిటెన్షన్ 5 శాతం అగ్రిమెంట్ ప్రకారం ఉంచుకోండి, దానికి నాకు అభ్యంతరం లేదు అని రాశాను. నోటీసులో ఇంకా 9 రోజులున్నాయి, జవాబు రాలేదు. నాలుగో అంతస్తులో మా వాళ్ళు ఇవాళ కూడా గోడలు పూస్తూనే ఉన్నారు.

— ఒక ప్లాస్టరింగ్ సబ్ కాంట్రాక్టర్