షాపు మూడు రోజులు ఎందుకు మూశానంటే

"పొద్దున లేచేసరికి కళ్ళు ఎర్రగా, ఇసుక పోసినట్టు గరగర, దురద. ఇది కళ్ళకలకా, ఎలర్జీనా, పొడికళ్ళా? ఎలా తెలుస్తుంది?"

గతవారం నా కళ్ళూ ఇలాగే ఉన్నాయి. కళ్ళజోడు సరిచేసేటప్పుడు చేతులు మీ ముఖం మీదే ఉంటాయి కాబట్టి, కలక అంటుతుందేమోనన్న భయంతో షాపు మూశాను. ఆర్డర్లు ఆలస్యమైనవారు దయచేసి క్షమించండి. డాక్టరు చూసి చెప్పింది వేరు: పొడికళ్ళు, దానితో పాటు రెప్పల అంచుల వాపు.

కలక మామూలుగా ఒక కంటితో మొదలై, ఒకటి రెండు రోజుల్లో రెండో కంటికి పాకుతుంది. వైరస్‌తో వస్తే నీళ్ళు కారతాయి. బాక్టీరియా అయితే చిక్కటి పసుపు పుసి పట్టి, రెప్పలు అతుక్కుపోతాయి. నాకు మొదటి రోజే రెండు కళ్ళూ ఎర్రబడ్డాయి, పుసి లేదు. అద్దంలో దగ్గరగా చూస్తే వెంట్రుకల మొదళ్ళలో చుండ్రులాంటి పొట్టు కనిపించింది. ఎలర్జీలో దురదే ముందుంటుంది, నలపకుండా ఉండలేం, తుమ్ములూ తోడవుతాయి. నాకు దురద కొంచెమే, గరగరే ఎక్కువ.

ఆ గరగర పొద్దునే ఎందుకంటే, నిద్రలో కన్నీళ్ళు తక్కువగా ఊరతాయి, రెప్పపాటు ఉండదు. నా రెప్పలు పూర్తిగా మూసుకోవట, పైగా ఫ్యాను గాలి నేరుగా ముఖానికే తగులుతోంది. రెప్ప అంచుల్లోని నూనె గ్రంథులు పూడుకుపోతే కన్నీళ్ళు ఇంకా త్వరగా ఆరిపోతాయి.

ఇప్పుడు రోజూ రెండుసార్లు వెచ్చని తడిగుడ్డ పది నిమిషాలు కళ్ళ మీద ఉంచి, రెప్పల అంచులు మెల్లగా తుడుస్తున్నాను. ఫ్యాను పక్కకు తిప్పాను. కృత్రిమ కన్నీటి చుక్కల మందు వాడుతున్నాను. రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ వేయాల్సి వస్తే మందు పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్ లేనివి తీసుకోండి.

ఒక తప్పు చేశాను, మీరు చేయొద్దు. డాక్టరు దగ్గరికి వెళ్ళకముందు ఇంట్లో మిగిలిన పాత చుక్కలు వేసుకున్నాను. అందులో స్టెరాయిడ్ ఉంది. ఎరుపు వెంటనే తగ్గి బాగైందనిపించింది. కానీ అదే హెర్పెస్ అనే వైరస్ ఇన్ఫెక్షన్ అయ్యుంటే నల్లగుడ్డు పాడయ్యేది. స్టెరాయిడ్ ఎక్కువ రోజులు వాడితే కంటి ప్రెషర్ కూడా పెరగొచ్చు.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు కన్ను ఎర్రబడితే వెంటనే తీసేయండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. నొప్పి, చూపు మసక, వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా లెన్సులు లేనివారు కూడా ఆగొద్దు.

షాపు మళ్ళీ తెరిచాం. ప్రతి ఫ్రేమూ ఒకరు పెట్టుకున్నాక తుడిచే ఇంకొకరికి ఇస్తున్నాం. మీ కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతుంటే రాకముందు ఫోన్ చేయండి, మీ కళ్ళజోడు ఇంటికే పంపిస్తాం.