నాన్నగారికి, చెల్లెమ్మకి యాడ్-ఆన్ కార్డు తీసుకునే ముందు

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. తెనాలిలో నాన్నగారికి ఒకటి, ఇంట్లో చెల్లెమ్మకి ఒకటి, నీ క్రెడిట్ కార్డు మీద యాడ్-ఆన్ కార్డులు తీసుకుందామనుకుంటున్నానన్నావు. మంచి ఆలోచనేరా. కాకపోతే నేను కార్డుల సెక్షన్‌లో పనిచేసే మనిషిని కదా, రోజూ ఫోన్లలో వినే గొడవలు కొన్ని ఉన్నాయి. అవి నీ ఇంటికి రాకూడదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు లిమిట్ సంగతి. నీకు 2 లక్షల లిమిట్ ఉంది. చెల్లెమ్మకి 80 వేలు, నాన్నగారికి 30 వేలు అని పెడతానన్నావు. దాన్ని సబ్-లిమిట్ అంటారు. అది వాళ్ల కోసం పక్కన తీసిపెట్టిన డబ్బు కాదు. వాళ్లు అంతకు మించి వాడకుండా వేసే హద్దు మాత్రమే. ఉన్నది ఒక్కటే 2 లక్షలు, ముగ్గురూ అందులోంచే తీసుకోవాలి. నువ్వు లక్షా 95 వేలు వాడేశావనుకో, నాన్నగారి కార్డు మీద 30 వేలు రాసి ఉన్నా ఆయనకి దొరికేది 5 వేలే. ఇక సబ్-లిమిట్ పెట్టమని నువ్వు చెప్పకపోతే చాలా బ్యాంకుల్లో వాళ్లకి కూడా మొత్తం లిమిట్ తెరిచే ఉంటుంది.

నీ లెక్కతోనే చెబుతాను. నీ స్టేట్‌మెంట్ 15వ తేదీన వస్తుంది, కట్టాల్సింది వచ్చే నెల 5లోపు. ఫ్రిజ్ ఈఎంఐలో ఇంకా మిగిలిన 40 వేలు లిమిట్‌లో ఇరుక్కుని ఉన్నాయి. ఈ నెల 20న చెల్లెమ్మ పిల్లల ఫీజు 70 వేలు కట్టిందనుకో. 25న నాన్నగారి కంటి ఆపరేషన్‌కి ఆయన కార్డు మీద 28 వేలు పోయాయి. నీ పెట్రోలు, కిరాణా కలిపి ఇంకో 30 వేలు. మొత్తం లక్షా 68 వేలు. మిగిలింది 32 వేలు. వచ్చే నెల 10న నీ టర్మ్ ఇన్సూరెన్సు ప్రీమియం 34 వేలు ఆటోమేటిక్‌గా కట్ అవ్వాలి, అవ్వదు. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరి సబ్-లిమిట్టూ దాటలేదు, అయినా ప్రీమియం ఆగిపోయింది. 15న బిల్లు వచ్చినంత మాత్రాన లిమిట్ తిరిగి రాదురా, డబ్బు కట్టాకే వస్తుంది. అందుకని పెద్ద ఖర్చు పడిన నెలలో బిల్లు కోసం చూడకుండా యాప్‌లోంచి ఓ 50 వేలు ముందే కట్టెయ్. లిమిట్ తెరుచుకుంటుంది. బిల్లులో కనిపించే బాకీ కూడా తగ్గుతుంది. బాకీ తగ్గితే క్రెడిట్ స్కోరుకీ మంచిదే.

ఇప్పుడు బాధ్యత. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో స్పష్టంగా ఉంది: యాడ్-ఆన్ కార్డు మీద బాకీ మొత్తం ప్రైమరీ కార్డుదారుదే. అంటే నీదే. బ్యాంకు నాన్నగారిని అడగదు, నిన్నే అడుగుతుంది. బిల్లు ఒకటే వస్తుంది, గడువు ఒకటే. ఎవరెంత వాడారో అందులో కార్డు వారీగా చూపిస్తారు కానీ, విడివిడిగా కట్టుకునే వీలు ఉండదు.

ఇక్కడే చాలామంది దెబ్బతినేది. బిల్లు లక్షా 30 వేలు వచ్చింది, చేతిలో డబ్బు లేదు, కనీసం కట్టాల్సింది 6,500 అని ఉంటే అదే కట్టి ఊరుకున్నావనుకో. మిగిలిన లక్షా 23 వేల 500 మీద నెలకి సుమారు మూడున్నర శాతం, అంటే 4,300 పైచిలుకు వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ. కలిపి నెలకి 5 వేలు దాటింది. అంతటితో ఆగదు. బాకీ మొత్తం తీరేదాకా కొత్త కొనుగోళ్లకి వడ్డీ లేని గడువు పోతుంది. ఆ నెల నాన్నగారు తెనాలిలో 2 వేలకి మందులు కొంటే, కొన్న రోజు నుంచే వాటికీ వడ్డీ పడుతుంది. పాపం ఆయనకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. కార్డు చేతికిచ్చేటప్పుడే ఇద్దరికీ ఒక్క మాట చెప్పు, 10 వేలు దాటిన ఏ ఖర్చయినా ముందు నీకు ఫోన్ చేయమని. ఏటీఎంలో మాత్రం ఆ కార్డుతో డబ్బు అసలు తీయొద్దని చెప్పు. దానికి ఫీజుంటుంది, తీసిన రోజు నుంచే వడ్డీ.

నాన్నగారి కార్డు గురించి నాకు ఇంకో ఆలోచన ఉంది. చాలా బ్యాంకుల్లో యాడ్-ఆన్ కార్డు ఓటీపీ కూడా ప్రైమరీ మనిషి ఫోన్‌కే వస్తుంది. కొన్ని బ్యాంకులు ఆయన నంబరు పెట్టుకోనిస్తాయి, దరఖాస్తు పెట్టే ముందే అడుగు. ఆయన ఆస్పత్రిలో, మందుల షాపులో మెషిన్ మీద వాడటానికి ఓటీపీ అక్కర్లేదు, ఆయన పిన్ చాలు. అందుకని ఆ ఒక్క కార్డుకి యాప్‌లో ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు రెండూ ఆపెయ్. ట్యాప్ చేసి 5 వేల దాకా పిన్ లేకుండా కట్టే సౌకర్యం కూడా ఆపేస్తే, కార్డు బస్సులో పోగొట్టుకున్నా భయం ఉండదు. పిన్ కాగితం మీద రాసి కార్డు కవర్లో పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పు. మనవైపు నుంచే పిన్ బయటికి పోతే, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం మనమే భరించాలి. చెప్పిన తర్వాత జరిగినది బ్యాంకుది. అందుకని కార్డు కనపడలేదంటే ఆయన వెతుకుతూ కూర్చోకుండా వెంటనే నీకు చెప్పాలి, నువ్వు యాప్‌లో ఆ కార్డు బ్లాక్ చేయాలి.

చెల్లెమ్మ విషయంలో నా మాట కాస్త వేరు. యాడ్-ఆన్ ఇవ్వు, కానీ అదొక్కటే ఇవ్వకు. ఆ కార్డు మీద ఆమె ఎంత వాడినా, నువ్వు ఎంత సరిగ్గా కట్టినా, మామూలుగా ఆ చరిత్ర నీ పేరునే చేరుతుంది. రేపు ఆమె పేరుతో లోను అడిగితే ఆమె స్కోరు ఖాళీగా కనిపిస్తుంది. ఇంకోటి, రాయడానికి మనసొప్పట్లేదు కానీ చెప్పాలి. ప్రైమరీ మనిషికి ఏదైనా అయితే యాడ్-ఆన్ కార్డులు ఆగిపోతాయి. డబ్బు అవసరం ఎక్కువగా ఉన్న రోజునే ఆమె చేతిలో కార్డు పనిచేయదు. ఆమెకి జీతం లేదు కాబట్టి మామూలు కార్డు రావడం కష్టం. ఆమె పేరున ఓ 50 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద కార్డు తీసుకో. డిపాజిట్‌కి వడ్డీ వస్తూనే ఉంటుంది, కార్డు, చరిత్ర రెండూ ఆమెవే అవుతాయి. నెలకి ఒక కరెంటు బిల్లు దాని మీద కట్టి, గడువులోపు తీర్చేస్తే చాలు.

దరఖాస్తు పెద్ద పని కాదు. యాప్‌లోనే వాళ్ల పేరు, పుట్టిన తేదీ, నీకు ఏమవుతారు, పాన్ వివరాలు అడుగుతారు. సబ్-లిమిట్ అక్కడే వేయి. కొన్ని యాప్‌లలో అది కార్డు వచ్చాక పెట్టాల్సి ఉంటుంది, అలా అయితే కార్డు నాన్నగారికి పంపే ముందే పెట్టు. ఫీజు ఉందేమో చూడు, చాలా కార్డులకి ఉండదు.

నాన్నగారి కంటి ఆపరేషన్ తేదీ ఖాయమైతే చెప్పు, ఆ నెల నీ బిల్లు తేదీలు చూసి ముందే ఎంత కట్టాలో ఇద్దరం కూర్చుని లెక్కేద్దాం. అమ్మకి, చెల్లెమ్మకి అడిగానని చెప్పు.

నీ
రవి