బీమా లెక్క సగం వేసి వదిలేశారు

సంపాదకుడు గారికి,

రెండు వారాల కిందటి మీ ఆదివారం సంచికలో 'ఆరోగ్య బీమా ఎవరికి లాభం?' అనే వ్యాసం వచ్చింది. చదివి ఊరుకుందామనే అనుకున్నాను. కానీ మా వీధిలో ఒకాయన ఆ కాగితం ముక్క జేబులో పెట్టుకుని, ఈ ఏడు పాలసీ కట్టనని కనబడ్డవారికల్లా చెబుతున్నాడు. ముప్పై ఏళ్లు అర్థశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి, ఇంక ఊరుకోలేకపోయాను.

మీ వ్యాసకర్త లెక్క ఇది. ఏడాదిలో ఇరవై మందిలో ఒకరికి 8,40,000 రూపాయల ఆపరేషన్ పడితే తలకు సగటున 42,000 పడుతుంది. కంపెనీ 50,000 వసూలు చేస్తుంది. కాబట్టి 8,000 దండగ. కూడికలు, భాగహారాలు సరిగ్గానే ఉన్నాయి, కాదనను. కానీ 42,000 బిల్లు ఎవరింటికీ రాదు మహానుభావా! వస్తే 8,40,000 వస్తుంది, లేకపోతే ఏమీ రాదు.

ఆ ఒకాయన దగ్గర పొదుపు మొత్తం 10,00,000 ఉందనుకుందాం. డబ్బు పెరిగేకొద్దీ ప్రతి అదనపు రూపాయీ ఇచ్చే ప్రయోజనం తగ్గుతుంది. దీన్ని చూపడానికి పాఠాల్లో సొమ్ముకు వర్గమూలం తీసి, వచ్చిన అంకెను ప్రయోజనం అంటాం. మనిషి మనసు నిజంగా వర్గమూలాలు తీస్తుందని కాదు, లెక్కకు వీలుగా ఉంటుందని. 10,00,000కు 1,000 మార్కులు వస్తాయి. ఆపరేషన్ అయ్యాక మిగిలే 1,60,000కు 400 వస్తాయి. అంటే మొదటి 1,60,000 ఒక్కటే 400 మార్కులిస్తే, ఆ పైన ఉన్న 8,40,000 అంతా కలిసి ఇచ్చింది 600.

బీమా లేకపోతే నూటికి 95 పాళ్లు 1,000 మార్కులు, 5 పాళ్లు 400. సగటు 970. దీన్నే ఆశించిన ప్రయోజనం అంటారు. ఏ రిస్కూ లేకుండా ఎంత సొమ్ము చేతిలో ఉంటే ఈ 970 వస్తుంది? 970ని 970తో గుణిస్తే 9,40,900. ఇది నిశ్చిత సమాన మొత్తం. సగటు సొమ్ము 9,58,000 అయినా, ఈ భయంతో బతికే మనిషికి దాని విలువ 9,40,900 మాత్రమే. మధ్యలో ఉన్న 17,100 టెన్షన్ ఖరీదు. దీన్ని సగటు ఖర్చు 42,000కు కలిపితే, ఆయన 59,100 దాకా ప్రీమియం కట్టినా నష్టపోడు. 50,000కే దొరుకుతుంటే దండగ ఎక్కడ?

ఇదేమీ నా సొంత కవిత్వం కాదు. 1738లోనే డేనియల్ బెర్నూలీ అనే గణితవేత్త ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పీటర్స్‌బర్గ్‌కు సరుకు తెప్పించుకునే వర్తకుడికి ఇలాంటి లెక్కే కట్టాడు. నూటికి అయిదు ఓడలు మునుగుతాయి, 10,000 రూబుళ్ల సరుకుకు బీమా 800. మీ వ్యాసకర్త పద్ధతిలో అయితే 300 దండగే. బెర్నూలీ మాత్రం, ఆ సరుకు కాక 5,043 రూబుళ్లకు తక్కువ ఉన్నవాడు బీమా కట్టుకోవాల్సిందే అన్నాడు. అంతకన్నా కలవాడైతే అక్కర్లేదు.

అలాగని ప్రతిదానికీ బీమా కట్టమనడం లేదు. అదే మనిషి 20,000 ఫోను కొంటే, పగిలే అవకాశం అదే నూటికి అయిదైతే, సగటు నష్టం 1,000. ఈ పద్ధతిలోనే లెక్కవేస్తే ఆయన కట్టదగ్గది దాదాపు 1,005. అంటే టెన్షన్ ఖరీదు అయిదు రూపాయలు! షాపులో కుర్రాడు 1,999 ప్లాన్ అంటగడితే మారు మాట్లాడకుండా కడతాం, ఆస్పత్రి పాలసీ దగ్గర మాత్రం పొదుపు గుర్తొస్తుంది.

మీ వ్యాసకర్త కోప్పడాల్సింది వేరే చోట. 2025 సెప్టెంబర్ 21 దాకా వ్యక్తిగత ఆరోగ్య పాలసీ మీద 18 శాతం జీఎస్టీ ఉండేది. 50,000కు 9,000 కలిస్తే 59,000. ఆయన హద్దుకు వంద రూపాయలు తక్కువ! అన్నేళ్లూ ఆ వంద కూడా ఎలా వదిలేశారో పెద్దలు. ఇక క్లెయిములు. 50,000 కట్టాక పదింట ఒక క్లెయిము తిరస్కరిస్తే ప్రయోజనం 971కి పడిపోతుంది, అయినా బీమానే మేలు. అయిదింట ఒకటి తిరస్కరిస్తే 968. అసలు బీమా లేనివాడే నయం. ఎందుకంటే తిరస్కారానికి గురైనవాడికి ప్రీమియమూ పోయి, బిల్లూ మీదపడి, 1,10,000 మిగులుతుంది. నా క్లెయిములో గది అద్దె పేరుతో కోసేసిన సొమ్ము కోసం ఏడు నెలలు తిరిగాను కాబట్టి ఈ అంకె నాకు బాగా తెలుసు.

ఏ కంపెనీ ఎన్ని క్లెయిములు తిప్పిపంపిందో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఏటా తన లావుపాటి నివేదికలో ఇస్తుంది. ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఆ పట్టిక తెలుగులో వేయండి. చోటు లేకపోతే రాశిఫలాల పక్కన వేసినా సరే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అర్థశాస్త్రం లెక్చరర్,
తెనాలి