వార్షిక నివేదిక: ఎస్టేట్ మేనేజర్ నియామకం

గౌరవ సభ్యులకు నమస్కారం. జమాఖర్చులు, లిఫ్టుల ఏఎంసీ, పెయింటింగ్ వివరాలు విడిగా పంపాం. సభ్యులు ఎక్కువగా అడిగింది కొత్త మేనేజర్ జీతం గురించే కాబట్టి, అది ఎలా కుదిరిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ పోస్టుకు జనరల్ బాడీ ఆమోదించింది నెలకు 38,000 రూపాయలు. మాకు బాగా నచ్చిన అభ్యర్థి అడిగింది 45,000. ఇంటర్వ్యూ రోజు ఆమె జనరేటర్ దగ్గరికి వెళ్లి, అవర్ మీటర్ రీడింగునీ డీజిల్ రిజిస్టర్‌నీ పక్కపక్కన పెట్టి చూశారు. నడిచిన గంటలకు, రాసిన లీటర్లకు పొంతన లేదని పది నిమిషాల్లో చెప్పారు. అలాంటి మనిషిని వదులుకోవాలనిపించలేదు.

బేరానికి ముందే మా అంకె చెప్పేశాం. 38,000 అంటే సంఘానికయ్యే మొత్తం ఖర్చు. అందులో యజమాని వాటా పీఎఫ్, దాని చార్జీలు కలిపి 1,950 పోతే గ్రాస్ 36,050. ఆమె వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 తీసేస్తే చేతికొచ్చేది 34,050. ఈ లెక్క కాగితం మీద రాసి ఇచ్చాం. చేరాక మొదటి జీతం చూసి మోసపోయామనుకోవడం ఇక్కడే మొదలవుతుంది మరి.

తర్వాత, ఇప్పుడున్న చోట ఇబ్బంది ఏమిటని అడిగాం. రాత్రి పదింటికి కూడా ఫోన్లు, ఆదివారాలు మీటింగులు, అమ్మగారికి ఆరోగ్య బీమా లేకపోవడం. ఇవి మన చేతిలో ఉన్నవే. ఆదివారం కచ్చితంగా సెలవు, రాత్రి 8 తర్వాత లిఫ్టులో ఎవరైనా ఇరుక్కున్నా, మంటలు లేచినా, పైపు పగిలినా తప్ప ఫోన్ చేయకూడదు, మిగతావి నైట్ సూపర్‌వైజర్ చూసుకుంటారు. బీమా ప్రీమియం సిబ్బంది సంక్షేమ పద్దు నుంచి కడతాం. ఇవన్నీ ఆఫర్ లెటర్‌లోనే రాశాం. నోటిమాటగా ఉంటే కమిటీ మారగానే పోతాయి.

మిగతా 7,000 పెట్టీ క్యాష్ వోచర్ల మీద ఇద్దామని ఒక సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. ఆడిట్‌లో అది జీతమనే తేలుతుంది, తొమ్మిదేళ్లుగా ఉన్న మన ఎలక్ట్రీషియన్‌కు జవాబు చెప్పుకోలేం. "ముందు చేరండి, ఆరు నెలల్లో చూద్దాం" అనీ అనలేదు. పెంపు జనరల్ బాడీ చేతిలో ఉంది, కమిటీ ప్రతిపాదించగలదు, హామీ ఇవ్వలేదు. అదే మాట లెటర్‌లో ఉంది. చేతికొచ్చే డబ్బే తక్కువపడుతుంటే సెలవులు, బీమా దాన్ని పూడ్చవని, వేరే చోటికి వెళ్లినా ఏమీ అనుకోమని కూడా చెప్పాం.

ఆమె రెండు రోజులు గడువడిగి, ఒప్పుకున్నారు. ఆ రెండు రోజులూ రెండో అభ్యర్థికి ఉన్న విషయం చెప్పి ఆపాం.

సభ్యులకు ఒక మనవి. రాత్రి 8 తర్వాత ఫోన్లు ఇంకా వెళ్తున్నాయి. నైట్ సూపర్‌వైజర్ నంబరు ప్రతి బ్లాక్ నోటీసు బోర్డులో ఉంది. మేనేజర్ జీతం 41,000కు పెంచే ప్రతిపాదన ఈ సమావేశం అజెండాలో నాలుగో అంశం.

— కార్యదర్శి